యూరప్ నంబరు 43, మరి నాన్న పాదం ఎన్ని అంగుళాలు?

మా నాన్నకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఈ మధ్య అరికాళ్లలో స్పర్శ తగ్గిందని తేలాక, డాక్టరుగారు చెప్పులు మానేసి బూట్లు వేసుకోమన్నారు. అది కూడా ఏదో ఒక బూటు కాదు. వేళ్ల దగ్గర ఎత్తు ఎక్కువగా ఉండాలి, లోపల గట్టి కుట్టు ఉండకూడదు, పాదం కింద పరుచుకునే మెత్త మందంగా ఉండాలి. గుంటూరులో నాలుగైదు షాపులు తిరిగాం. మెత్తగా ఉన్నవాటికి ఎత్తు లేదు, ఎత్తున్నవాటికి లోపల కుట్టు తగులుతోంది. చివరికి సరిగ్గా ఇలాంటి బూట్లే చేసే ఒక కంపెనీ ఆన్‌లైన్‌లో కనిపించింది.

ఆర్డర్ పేజీలో 7, 8, 9 అని ఎంచుకునే గడి లేదు. "Foot length in inches" అని ఒక గడి, దాని కింద వెడల్పుకు ఇంకో గడి, రెండూ ఖాళీగా ఉన్నాయి. పాదం పొడవు మనమే అంగుళాల్లో రాయాలి. మా దగ్గర ఉన్న ఆధారం ఒక్కటే. తమ్ముడు జర్మనీ నుంచి వచ్చినప్పుడు తెచ్చిన తోలు బూట్లను నాన్న కొన్నేళ్లుగా వేసుకుంటున్నారు. వాటి నాలుక లోపల కుట్టిన చిన్న చీటీ మీద 43 అని ఉంది. యూరప్ సైజు.

ఆ 43ను అంగుళాల్లోకి మార్చడం పెద్ద పనేం కాదనిపిస్తుంది, చార్టులు బోలెడు ఉంటాయి కాబట్టి. నేనూ చార్టులే చూశాను. ఒకదానిలో 43కి ఎదురుగా పదిన్నర అంగుళాలుంది, ఇంకోదానిలో 10.6, మరోదానిలో 10.8. మామూలు మనిషికైతే ఈ తేడా పెద్ద లెక్క కాదు. బూటు వేసుకుని నాలుగడుగులు వేస్తే బిగుతో వదులో కాలే చెబుతుంది. స్పర్శ తగ్గిన కాలు ఆ మాట చెప్పలేదు. బూటు వేలిని నొక్కుతున్నా నాన్నకు బాగానే ఉన్నట్టుంటుంది, పుండు పడ్డాకే సంగతి తెలుస్తుంది. అందుకే ఈ కాలికి వేసి చూడటం కన్నా కొలతనే ఎక్కువ నమ్ముకోవాలి. చార్టుల్లో ఏది నిజమో తేలకుండా ఆర్డర్ పెట్టకూడదనుకున్నాను.

విషయం విప్పి చెప్పింది అరండల్‌పేటలో మాకు తెలిసిన పెద్దాయన. చిన్నప్పటి నుంచి బూట్లు కుట్టిన చేయి ఆయనది, ఇప్పుడు రిపేర్లు మాత్రమే చేస్తున్నారు. నేను నాన్న బూటు చేతికిచ్చి, "బాబాయ్, ఈ 43 అంటే కాలు ఎంత పొడవు?" అని అడిగాను. ఆయన బూటు అటూ ఇటూ తిప్పి చూసి, వెనక చెక్క పెట్టెలోంచి పాదం ఆకారంలో ఉన్న కొయ్య అచ్చు ఒకటి తీశారు. మడమ దగ్గర నునుపు తేలిపోయి, ముందు భాగంలో మేకులు కొట్టిన గుర్తులతో ఉంది.

"నంబరు దీనిది బాబూ, కాలుది కాదు. తోలు దీని మీద లాగి బూటు చేస్తాం. దీని పొడవే నంబరు. కాలు దీనికంటే పొట్టిగా ఉండాలి, లేకపోతే నడిచేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకుంటాయి" అన్నారు.

చార్టులు ఎందుకు ఒకదానితో ఒకటి పొసగవో ఆ ఒక్క మాటతో అర్థమైంది. యూరప్ పద్ధతిలో ఒక్కో నంబరు అంటే సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మిల్లీమీటర్లు. దీన్ని పారిస్ పాయింట్ అంటారు. 43 అంటే అచ్చు పొడవు 43 పారిస్ పాయింట్లు. ఇక్కడి దాకా ఎవరు లెక్క వేసినా ఒకే జవాబు రావాలి. ఆ అచ్చులో పాదం పోను ముందు ఎంత ఖాళీ వదలాలన్న దగ్గరే దారులు చీలిపోతాయి. మామూలు మూసిన బూట్లకు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల దాకా వదులుతారు. మొన ఎక్కువ సాగిన బూట్లకు ఇంకా ఎక్కువ ఉంటుంది. ఒక్కో తయారీదారుకు ఒక్కో అలవాటు. చార్టు వేసినవాళ్లు ఎంత ఖాళీ తీసేశారో చార్టులో రాయరు. కొన్నిటిలో అసలు తీసేయకుండా అచ్చు పొడవునే పాదం పొడవు అని వేసేస్తారు.

ఇంటికొచ్చి కాగితం మీద వేసిన లెక్క ఇది. మొదటి వరుస అచ్చు పొడవు సెంటీమీటర్లలో. రెండో వరుసలో ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ తీసేశాను. మూడో వరుసలో అంగుళాలు.

```
43 × 2 ÷ 3 = 28.67
28.67 − 1.5 = 27.17
27.17 ÷ 2.54 = 10.70
```

ఒకటిన్నర బదులు రెండు సెంటీమీటర్లు తీసేస్తే చివరి అంకె 10.5 అవుతుంది. అంటే 43 నంబరు బూటు సరిగ్గా పట్టే పాదం 10.5కూ 10.7కూ మధ్య ఎక్కడో ఉంటుంది. నేను చూసిన మూడు చార్టుల్లో రెండు ఈ హద్దుల్లోనే ఉన్నాయి, 10.8 వేసిన చార్టు ఖాళీ ఇంకా తక్కువ తీసినట్టుంది. ఖాళీ అసలు తీయకుండా 28.67ను నేరుగా 2.54తో భాగిస్తే 11.3 వస్తుంది. ఆ అంకె ఫారంలో పడితే, తయారుచేసేవాళ్లు దానికి మళ్లీ తమ ఖాళీ కలుపుతారు. వచ్చే బూటు నాన్న ఇప్పుడు వేసుకుంటున్నదానికన్నా రెండు నంబర్లు పెద్దది, 45. కాలు లోపల ముందుకూ వెనక్కూ జారుతూ ఉంటుంది. స్పర్శ లేని కాలికి బిగుతు ఎంత ప్రమాదమో ఈ జారడం, రాపిడి అంతే ప్రమాదం.

ఇక్కడ ఇంకో సంగతి. కొన్ని బూట్ల చీటీ మీద యూరప్ నంబరు పక్కనే CM అనో JP అనో రాసి 26.5, 27 లాంటి అంకె ఉంటుంది. అలా ఉంటే ఈ తీసివేతల తలనొప్పి ఉండదు. అది బూటు ఎంత పాదానికి చేశారో చెప్పే అంకె, దాన్ని 2.54తో భాగిస్తే సరిపోతుంది. నాన్న బూట్ల చీటీ మీద 43 తప్ప ఇంకేం లేదు.

లెక్క ప్రకారం 10.5కూ 10.7కూ మధ్య అని తేలింది కదా, మధ్యస్తంగా 10.6 వేసేద్దామా అంటే మనసొప్పలేదు. ఆ లెక్క చెప్పేది 43 నంబరు ఎలాంటి పాదానికి పడుతుందన్నది. నాన్న పాదానికి 43 సరిగ్గా పడుతోందో లేదో అది చెప్పదు. దానికి సాక్ష్యం బూటు లోపలే ఉంది.

బూటు లోపల పరిచిన మెత్తను బయటికి లాగాను. కొన్నేళ్లు తొక్కిన మెత్త కాబట్టి పాదం అచ్చు పడినట్టే ఉంది. మడమ దగ్గర గుండ్రంగా నొక్కుకుపోయింది, వేళ్ల కింద అయిదు నల్లటి గుంటలు. బొటనవేలి గుంట చివరి నుంచి మెత్త ముందు అంచు దాకా స్కేలు పెట్టి చూశాను. రెండు సెంటీమీటర్లు దాటింది. వేలి మొన గుంట కన్నా కొంచెం ముందుకు ఉంటుందనుకున్నా, రెండుకు దగ్గరే. అదే మెత్త పక్క అంచు చూస్తే వేరే కథ. చిటికెన వేలి మొదలు దగ్గర అంచు నలిగి పైకి లేచిపోయింది. పాదం మెత్త మీద పట్టక పక్క తోలు మీదికి ఎక్కుతోందన్నమాట. పొడవులో ఖాళీ మిగిలింది, వెడల్పులో ఇరుకైంది.

నాన్నను అడిగితే ఆయనే చెప్పారు. "42 వేస్తే పక్కల పట్టేసేదిరా. అందుకే తమ్ముడు ఒక నంబరు పెంచి తెచ్చాడు" అన్నారు. మన దగ్గర చాలామంది చేసేది ఇదే. పక్కల బిగుతుగా ఉంటే ఒక నంబరు పైది తీసుకుంటారు. నంబరు పెరిగితే వెడల్పూ కొద్దిగా పెరుగుతుంది కాబట్టి కాలు పడుతుంది, పొడవు మాత్రం అనవసరంగా పెరుగుతుంది. యూరప్ నంబరు చెప్పేది పొడవు ఒక్కటే, వెడల్పు గురించి అందులో ఏమీ ఉండదు. యూరప్, అమెరికా కాళ్లకు చేసిన అచ్చులు మన పాదాలకు ఇరుకన్నది బూట్ల వ్యాపారంలో పాత మాటే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతటా పాదాలు కొలిచి, మన కాళ్లకు తగ్గట్టు 'భ' పేరుతో వేరే సైజుల పద్ధతిని ప్రతిపాదించడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి వెడల్పు కోసం పెంచి కొన్న బూటు నంబరును అంగుళాల్లోకి మారిస్తే, లెక్క ఎంత శుద్ధంగా ఉన్నా లేని పొడవు వచ్చిపడుతుంది. ఇక పాదాన్నే కొలవాలి.

పాదం కొలిచేందుకు సాయంత్రం దాకా ఆగాం. పొద్దున లేవగానే ఉన్న కాలు సాయంత్రానికి అలాగే ఉండదు, రోజంతా నిలబడీ నడిచీ కొంచెం వాస్తుంది. మన ఎండలకు అది ఇంకా ఎక్కువ. పొద్దున కొలిచి చేయించిన బూటు సాయంత్రం పట్టేస్తుంది.

హాల్లో గోడ దగ్గర ఒక తెల్ల కాగితం నేల మీద పెట్టి, దాని అంచు స్కర్టింగ్ రాయికి ఆనించి, కదలకుండా టేపు అంటించాను. స్కర్టింగ్ గోడ కన్నా కొంచెం ముందుకు ఉంటుంది కాబట్టి కాగితం అంచు, మడమ రెండూ దానికే తగలాలి. కాగితం ఒకదానికి, మడమ ఒకదానికి ఆనితే కొలత అక్కడే తప్పుతుంది. నాన్న కాగితం మీద నిలబడి మడమ వెనక్కి ఆనించారు. కూర్చుని కాలు చాపితే ఒప్పుకోకూడదు. ఒంటి బరువు పడినప్పుడే పాదం సాగుతుంది, నిలబడితేనే పొడవూ వెడల్పూ పూర్తిగా వస్తాయి. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా ఉండాలి. ఆయన పట్టుకోవడానికి పక్కన కుర్చీ వేశాను.

అమ్మ పెన్సిల్ తెచ్చి పాదం చుట్టూ గీత గీయబోయింది. అలా గీస్తే పొడవు సరిగ్గా రాదు. మడమ బాగా వెనక్కి ఉబ్బి ఉండే చోటు నేలకు ఆనదు, కొంచెం పైన ఉంటుంది. పెన్సిల్ లోపలికి వాలితే ఆ ఉబ్బు కింద దూరి గీత పాదం కన్నా చిన్నదవుతుంది, బయటికి వాలితే పెద్దదవుతుంది. గోడకు ఆనిస్తే మడమ తంటా ఉండదు. ముందు వైపు వేలి మొనకు ఒక చిన్న డబ్బా నిలువు అంచు ఆనించి, డబ్బా అంచు నేలకు తగిలిన చోట గీత పెట్టాను. మేము వాడింది టూత్‌పేస్టు అట్టపెట్టె. దాని మూల నిటారుగా ఉంటుంది, చేయి వాలినా అది వాలదు.

ఇంకో సంగతి చూసుకోవాలి. పొడవంటే మడమ నుంచి అన్నిటికన్నా ముందుకున్న వేలి దాకా. చాలామందికి బొటనవేలే పొడుగు, కొందరికి రెండో వేలు. నాన్నకు ఎడమ కాలిలో బొటనవేలు కాస్త పక్కకు వంగి, రెండో వేలు కొంచెం ముందుకొచ్చింది. బొటనవేలి దగ్గరే గీత పెట్టి ఉంటే ఆ కాలు నిజంగా ఉన్నదానికన్నా పొట్టి అని తేలేది. కుడి కాలు 26.1 సెంటీమీటర్లు వచ్చింది, ఎడమ కాలు 26.3. రెండు కాళ్లూ ఒకేలా లేకపోవడం మామూలే, ఎప్పుడూ పెద్దదే తీసుకోవాలి.

కొలిచే స్కేలు గురించి కూడా చెప్పాలి. పిల్లల ప్లాస్టిక్ స్కేలులో సున్నా గీతకు ముందు కొంచెం ఖాళీ ఉంటుంది. స్కేలు చివర కాగితం అంచుకు పెట్టి చదివితే ఆ ఖాళీ మేరకు కొలత తగ్గిపోతుంది, కాబట్టి సున్నా గీతనే అంచుకు పెట్టాలి. టైలర్ టేపు పాతదైతే సాగి ఉంటుంది. ఇంట్లో స్టీలు స్కేలు ఉంటే అదే మేలు.

నేను సెంటీమీటర్లలో కొలిచి, తర్వాత అంగుళాల్లోకి మార్చాను. కావాలనే అలా చేశాను. మన దగ్గర టేపుల మీద అంగుళానికి ఎనిమిది భాగాలో పదహారు భాగాలో ఉంటాయి. ఫారం మాత్రం 10.4 అన్నట్టు దశాంశాల్లో అడుగుతుంది. టేపు మీద పది అంగుళాలూ ఆరు గీతలు చూసి 10.6 అని రాసేవాళ్లు ఎందరో. ఎనిమిది భాగాల టేపులో ఆరు గీతలంటే ముప్పావు అంగుళం, అంటే 10.75. ఆ తేడా దాదాపు నాలుగు మిల్లీమీటర్లు, సగం నంబరు పైమాటే. టేపులో పదహారు భాగాలుంటే అవే ఆరు గీతలు 10.375. సెంటీమీటరుకు పది గీతలే కాబట్టి ఆ గొడవే ఉండదు. 26.3ని 2.54తో భాగిస్తే 10.35 వచ్చింది. ఫారంలో బిందువు తర్వాత ఒక్క అంకెకే చోటుంది, కాబట్టి 10.4.

కొలత తేలాక నాన్నకు టెన్షన్ మొదలైంది. "43 వేసుకునేవాణ్ని, ఇదేంట్రా ఇంత తగ్గింది? కాళ్లు వాస్తున్నాయి కదా, ఓ అర అంగుళం ఎక్కువ వెయ్యి" అన్నారు. పెద్దవాళ్లు అలా అనడంలో తప్పేం లేదు, పిల్లలకు బూట్లు కొన్నా ఒక నంబరు పెద్దదే కొనే ఇళ్లు మనవి.

"వాపు ఇందులోనే ఉంది నాన్నా, అందుకే సాయంత్రం దాకా ఆగాం. మనం రాసేది పాదం కొలత. కావలసిన ఖాళీ బూటు చేసేవాళ్లు కలుపుతారు. మనమూ కలిపితే రెండుసార్లు కలిపినట్టు అవుతుంది" అన్నాను.

అర అంగుళం అంటే మాటకు చిన్నదే. మిల్లీమీటర్లలో 12.7. యూరప్ నంబరు ఒక్కోటి 6.67 కాబట్టి అది రెండు నంబర్లకు కొంచెమే తక్కువ. ఈ లెక్క కాగితం మీద చూపించాక ఆయన ఇంకేం అనలేదు. అయినా ఆయన భయానికి కారణం ఉంది కదా. ఆయన్ను 42 ఇబ్బంది పెట్టింది నిజం, కాకపోతే ఆ ఇబ్బంది వెడల్పుది. దానికి రెండో గడి ఉంది.

వెడల్పు కోసం అదే కాగితం మీద నాన్న నిలబడి ఉండగా, బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బిన చోట ఒకవైపు, చిటికెన వేలి మొదట్లో ఉబ్బిన చోట ఇంకోవైపు అట్టపెట్టె మూల ఆనించి గీతలు పెట్టాను. ఈ రెండు ఉబ్బులూ ఎదురెదురుగా ఉండవు, చిటికెన వేలి వైపుది కొంచెం వెనక్కి ఉంటుంది. నేరుగా అడ్డంగా కొలవాలో, ఒక ఉబ్బు నుంచి ఇంకో ఉబ్బుకు ఏటవాలుగా కొలవాలో ఆర్డర్ పేజీలోని బొమ్మ చూసి తెలుసుకోవాలి. వీళ్ల బొమ్మలో గీత ఏటవాలుగా ఉంది. అలా కొలిస్తే 10.6 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 4.2 అంగుళాలు.

పంపే ముందు లెక్కను వెనక్కి నడిపి చూశాను. 10.4 అంగుళాలంటే 26.4 సెంటీమీటర్లు. దానికి ఒకటిన్నర ఖాళీ కలిపితే 27.9. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే పారిస్ పాయింట్లు వస్తాయి, 41.9, అంటే 42. మనకు అలవాటైన యూకే నంబరుతో కూడా సరిచూశాను. అక్కడ ఒక్కో నంబరు అంగుళంలో మూడో వంతు. అచ్చు పొడవును అంగుళాల్లో తీసుకుని మూడుతో గుణించి 25 తీసేస్తే పెద్దవాళ్ల యూకే నంబరు వస్తుంది. 27.9 సెంటీమీటర్లంటే 11 అంగుళాలు, మూడుతో గుణిస్తే 33, అందులో 25 పోతే 8. విజయవాడ బెసెంట్ రోడ్డులో ఏ షాపుకెళ్లినా నాన్నకు ముందు చూపించేది 8 నంబరే, పక్కల పట్టేస్తుంటే 9 తీస్తారు. లెక్కకూ అనుభవానికీ పొత్తు కుదిరింది. ఇలా వెనక్కి నడిపినప్పుడు 44, 45 లాంటి అంకె వస్తే ఎక్కడో ఖాళీ రెండుసార్లు కలిసిందని అర్థం. 39, 40 వస్తే కొలతలో స్కేలు జారిందో, గీత పొట్టి వేలి దగ్గర పడిందో అయ్యుంటుంది.

బూట్లు వచ్చాక నాన్న కాలికి వేయకముందే మెత్తను బయటికి తీసి, నేల మీద పరిచి, దాని మీద ఆయన్ను నిలబెట్టాను. ఇదీ సాయంత్రమే. మడమ మెత్త వెనక అంచుకు సరిగ్గా ఆనింది. ముందు రెండో వేలి మొనకూ మెత్త అంచుకూ మధ్య నా బొటనవేలు అడ్డంగా పట్టింది. పక్కల పాదం ఎక్కడా మెత్త దాటి బయటికి రాలేదు, చిటికెన వేలి దగ్గర కూడా. బూటు వేసి చూసి "బాగానే ఉంది" అని నాన్న చెప్పిన మాట కన్నా నాకు ఈ పరీక్షే ధైర్యమిచ్చింది. తర్వాత డాక్టరుగారు చెప్పినట్టే మొదట్లో ఇంట్లో కాసేపు తొడిగించి, విప్పాక వేళ్ల మీద, మడమ మీద ఎరుపు ఉందేమోనని లైటు వెలుగులో చూసేవాళ్లం. కొత్త బూటు నొక్కిన చోట ముందు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కాసేపటికి పోకుండా ఉండిపోతే అక్కడ బూటు పట్టడం లేదని లెక్క. నాన్న కాళ్ల మీద అలాంటిదేమీ కనబడలేదు.

ఆ తర్వాత అమ్మ తన చెప్పులు పట్టుకొచ్చింది. అడుగున 38 అని ఉంది, తనకూ అక్కడే ఒక జత చెప్పించమంది. లెక్క వేస్తే 38కి అచ్చు పొడవు 25.3 సెంటీమీటర్లు. ఒకటిన్నర తీసేస్తే 23.8, అంటే 9.4 అంగుళాలు. కానీ అవి ముందు తెరిచి ఉన్న చెప్పులు. వేళ్లు కొట్టుకోవడానికి ముందు గోడే లేదు కాబట్టి వాటికి వదిలే ఖాళీ బూట్లకన్నా తక్కువ, ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది. పైగా పట్టీ లాగి బిగించుకునే చెప్పుల్లో పాదం కొంచెం పొట్టిగా ఉన్నా, పొడవుగా ఉన్నా సర్దుకుపోతుంది. చెప్పు నంబరు నుంచి పాదం పొడవు తీయడం అంత నమ్మకమైన పని కాదని అమ్మకు చెప్పి, ఇంకో తెల్ల కాగితం తెచ్చి స్కర్టింగ్‌కు ఆనించాను.